ఓటీపీ కరెక్టే... మరి డబ్బెటు పోయింది?

శనివారం మధ్యాహ్నం భోజనం చేసి అలా నడుం వాల్చానో లేదో, తెనాలి నుంచి మా మేనత్త ఫోను. గొంతులో వణుకు.

"ఒరేయ్ చిన్నా, నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదురా. ఒట్టు. బ్యాంకు వాళ్ల పేజీ వచ్చింది. అందులోనే కొట్టాను. చీర 1,299 రూపాయలు. అకౌంట్లోంచి 40,000 పోయాయి."

మా అత్తయ్య హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. "మీ కార్డు బ్లాక్ అయిందండీ, ఓటీపీ చెప్పండి" అంటూ ఫోన్ చేసేవాళ్లని కడిగి పారేసే మనిషి. అలాంటిది ఫేసుబుక్కులో మంగళగిరి పట్టుచీరల ప్రకటన చూసి, లింకు నొక్కి, కార్డు నంబరు కొట్టి, ఓటీపీ పెట్టి మోసపోయింది. డబ్బు పోయిన బాధ కంటే తను ఏ తప్పు చేసిందో తెలియని బాధే ఆవిడకి ఎక్కువగా ఉంది. అందుకే నన్ను పదే పదే ఒకే ప్రశ్న అడిగింది.

"బ్యాంకు పేజీ అంత పకడ్బందీగా ఉంటుందంటారు కదరా. మరి అదేం చూసినట్టు?"

నేను ఓ బ్యాంకులో కార్డు ఫిర్యాదుల విభాగంలో పన్నెండేళ్లు పనిచేశాను. ఇదే ప్రశ్న వేరే వేరే గొంతుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఓటీపీ పెట్టాక కూడా డబ్బెలా పోయిందని కొందరు, ఓటీపీ సరిగ్గా పెట్టినా పేమెంటు ఎందుకు ఫెయిలైందని ఇంకొందరు అడిగేవారు. రెండింటికీ జవాబు ఒకచోటే ఉంది. ఆ పేజీ ఏం చూస్తుందో, ఏం చూడదో తెలిస్తే చాలు.

చీర కొంటే నలుగురు కదలాలి

ముందు నిజమైన కొట్లో ఏం జరుగుతుందో చూద్దాం. చీర నచ్చింది. ధర 1,299 రూపాయలు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల ఉండే మూడంకెల సీవీవీ కొట్టి ‘పే’ అని నొక్కారు.

మీ కంటికి కనిపించేది మీరూ, కొట్టూ మాత్రమే. వెనకాల మాత్రం నలుగురున్నారు. మొదట కొట్టు. దాని తరఫున డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే, కొట్టు బ్యాంకు కలిపి రెండోవాళ్లు. మూడోది వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్కు. నాలుగోది మీకు కార్డిచ్చిన బ్యాంకు. ఈ పద్ధతి పేరు ‘త్రీ-డీ సెక్యూర్’. అందులోని త్రీ-డీ అంటే సినిమా త్రీడీ కాదు, మూడు డొమైన్లు. కొట్టు వైపు ఒకటి, మీ బ్యాంకు వైపు ఒకటి, ఆ రెంటినీ కలిపే నెట్‌వర్కు మూడోది. రూపే కార్డులకు పేసెక్యూర్ అని సొంత ఏర్పాటు ఉంది. అత్తయ్యది వీసా కార్డు కాబట్టి ఆ దారినే చెబుతాను.

‘పే’ నొక్కగానే గేట్‌వే ఒక కబురు పంపుతుంది. ఫలానా కార్డు మీద, ఫలానా కొట్టుకి, ఇంత మొత్తం, ఈ మనిషి అసలు యజమానేనా అన్నది దాని సారాంశం. మొత్తాన్ని రూపాయల్లో కాదు, పైసల్లో రాస్తారు. 1,299 రూపాయలు అక్కడ 129900 అవుతుంది. పక్కన మన రూపాయికి ఉన్న అంతర్జాతీయ అంకె 356 ఉంటుంది. నెట్‌వర్కు ఆ కార్డు నంబరులోని మొదటి అంకెలు చూసి అది ఏ బ్యాంకుదో పోల్చుకుని, కబురుని ఆ బ్యాంకు తలుపు దగ్గర దింపుతుంది.

ఆ తలుపు దగ్గర కాపలా కాసే యంత్రాన్ని యాక్సెస్ కంట్రోల్ సర్వర్ అంటారు. మనం ‘బ్యాంకు పేజీ’ అని పిలిచేది దాని ముఖమే. చాలా బ్యాంకులు దీన్ని సొంతంగా నడపవు. ఈ పని మీదే ఉన్న కంపెనీలకు అప్పగిస్తాయి. అందుకే అసలైన పేజీ చిరునామాలో కూడా ఒక్కోసారి మీ బ్యాంకు పేరు కనిపించదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పేజీ అడిగేది ఒక్కటే ప్రశ్న

ఆ సర్వర్ మీ బ్యాంకు రికార్డుల్లో ఉన్న ఫోన్ నంబరు తీసి, అప్పటికప్పుడు ఒక అంకె పుట్టించి, ఎసెమ్మెస్ పంపిస్తుంది. తెర మీద కొట్టు పేరు, మొత్తం, కార్డు చివరి నాలుగంకెలు చూపించి, కింద ఒక ఖాళీ గడి పెడుతుంది.

మీరు గడిలో అంకెలు కొట్టాక అది చూసేది ఇంతే. ఇది నేను పంపిన అంకేనా? ఈ లావాదేవీకే పంపినదా, పాతదా? గడువు దాటలేదు కదా? తప్పుగా కొట్టిన సార్లు హద్దు మీరలేదు కదా? ఈ నాలుగూ కలిపితే ఒకే ప్రశ్న: రిజిస్టరైన ఫోనుకి వెళ్లిన అంకె, ఈ చెల్లింపు కోసం, టైములోగా తిరిగొచ్చిందా?

వచ్చిందనుకోండి, సర్వర్ ఒక ముద్ర తయారుచేస్తుంది. అది అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక రహస్య విలువ. దొంగతనంగా తయారుచేయడానికి వీలుకాని లెక్కతో పుడుతుంది. ‘మా కస్టమరు తనేనని రుజువు చేసుకున్నాడు’ అని బ్యాంకు వేసిన వేలిముద్ర అనుకోండి. అది గేట్‌వేకి అందుతుంది. దానితో మొదటి మెట్టు పూర్తయింది.

ఇప్పటిదాకా మీ ఖాతాలోంచి ఒక్క పైసా కూడా కదల్లేదు!

డబ్బు సంగతి రెండో మెట్టులో వస్తుంది. గేట్‌వే ఈసారి డబ్బు అడుగుతూ మరో కబురు పంపుతుంది. ఆ ముద్రనీ, సీవీవీనీ దానికి జతచేస్తుంది. ఇది వెళ్లేది ఓటీపీ పేజీ దగ్గరికి కాదు, మీ ఖాతా లెక్కలు చూసే బ్యాంకు అసలు యంత్రం దగ్గరికి. ఖాతాలో డబ్బుందా, రోజువారీ పరిమితి దాటిందా, సీవీవీ సరిపోయిందా, కార్డు బ్లాకులో ఉందా, ముద్ర అసలుదేనా అని అది చూస్తుంది. అన్నీ కుదిరితే ‘సరే’ అంటుంది. అప్పుడే డబ్బు కోత పడుతుంది.

ఓటీపీ కరెక్టుగా కొట్టినా పేమెంట్ ఫెయిలైందని చిరాకుపడేవాళ్లకి జవాబు ఇదే. మొదటి మెట్టు దాటారు, రెండో మెట్టు దగ్గర ఆగిపోయారు. బ్యాలెన్సు లేకపోయినా, పరిమితి దాటినా, ఆన్‌లైన్ వాడకం ఆపేసి ఉన్నా ఆ కాపలావాడికి సంబంధం లేదు. అతను చూసింది మనిషిని, డబ్బు సంచిని కాదు.

ఒక్కోసారి రెండో మెట్టులో డబ్బు కోత పడి, ‘సరే’ అన్న కబురు మాత్రం తిరుగుదారిలో తప్పిపోతుంది. మనకి కోత మెసేజ్ వస్తుంది, కొట్టువాడికి ఆర్డరు కనిపించదు. ఇలాంటి సందర్భంలో లావాదేవీ జరిగిన రోజు నుంచి ఐదు రోజుల్లో డబ్బు దానంతటదే వెనక్కి రావాలని, ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకీ బ్యాంకు 100 రూపాయలు కట్టివ్వాలని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు చెప్పింది. కాబట్టి కంగారుపడి వెంటనే రెండోసారి కట్టేయకుండా ఓసారి ఖాతా చూసుకోవడం మంచిది.

పేజీ అడగని ప్రశ్నలు

ఇక అత్తయ్య ప్రశ్నకి వద్దాం. ఆ పేజీకి తెలియనివి చాలా ఉన్నాయి. మీరు కొంటున్నది చీరో, గిన్నెలో దానికి తెలీదు. ఆ కొట్టు మంచిదో చెడ్డదో తెలీదు. కార్డు వివరాలు ఎవరు, ఏ ఊళ్లో కూర్చుని టైపు చేశారో తెలీదు. ఆ అంకె ఫోన్లోంచి గడిలోకి నేరుగా వచ్చిందో, మధ్యలో ఇంకెవరి చేతి మీదుగా వచ్చిందో అసలే తెలీదు.

కొత్త తరం త్రీ-డీ సెక్యూర్‌లో కొంత మెరుగైంది. మీరు వాడుతున్న బ్రౌజరు, తెర సైజు, టైమ్ జోన్, ఇంటర్నెట్ చిరునామా లాంటివి కూడా బ్యాంకుకి చేరతాయి. అమెరికాలో, యూరప్‌లో ఉన్న మనవాళ్లు ‘మాకు చాలాసార్లు ఓటీపీ అడగనే అడగదు’ అంటారు కదా, అక్కడ కొంతవరకు ఇలాంటి గుర్తులు చూసే బ్యాంకు నమ్మేస్తుంది. మన దేశంలో అలా కాదు. 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకి రెండో రుజువు ఉండాల్సిందేనని రిజర్వు బ్యాంకు పట్టుబట్టింది. ముందే ఒప్పుకున్న నెలవారీ చందాల్లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, రెండో రుజువు అడగకుండా వదలరు. అది మంచి నిబంధనే. దొంగకి కార్డు నంబరు దొరికినంత మాత్రాన మన దేశంలోని సైట్లలో ఏమీ కొనలేకపోవడానికి కారణం అదే.

అందుకే దొంగలు పద్ధతి మార్చారు. తాళం పగలగొట్టడం మానేసి, మన చేతే తీయిస్తున్నారు.

చీర ఒక చోట, బిల్లు ఇంకో చోట

అత్తయ్య నొక్కిన లింకులో ఉన్నది కొట్టు కాదు, బొమ్మ. నిజమైన సైట్ల నుంచి ఎత్తుకొచ్చిన చీరల ఫోటోలు, ‘ఇంకా మూడే మిగిలాయి’ అన్న ఎర్రక్షరాలు, కింద కార్డు వివరాలు అడిగే గడులు. వెనకాల గేట్‌వే లేదు, నెట్‌వర్కు లేదు. ఒక మనిషో, వాడు రాసిపెట్టుకున్న ప్రోగ్రామో ఉంది.

అత్తయ్య కార్డు నంబరు కొట్టగానే అది అవతలివాడికి చేరింది. వాడు అదే క్షణంలో ఒక నిజమైన సైటులో, గిఫ్ట్ వోచర్లు అమ్మేచోట, 10,000 రూపాయలవి నాలుగు బుట్టలో వేసి, అత్తయ్య కార్డు వివరాలు కొట్టాడు. ఆ సైటు నిజం. దాని గేట్‌వే నిజం. కబురు నిజమైన నెట్‌వర్కు మీదుగా అత్తయ్య నిజమైన బ్యాంకుకే వెళ్లింది. బ్యాంకు నిజమైన ఓటీపీనే పంపింది.

ఇటు అత్తయ్య తెర మీద దొంగ పేజీ తెరుచుకుంది. బ్యాంకు బొమ్మ, 1,299 రూపాయలు, కార్డు చివరి నాలుగంకెలు, ఖాళీ గడి. "మా బ్యాంకు బొమ్మే ఉందిరా" అంది అత్తయ్య. ఉంటుంది మరి! కార్డు నంబరులోని మొదటి అంకెలే బ్యాంకు ఏదో చెప్పేస్తాయి కదా. దాన్నిబట్టి బొమ్మ మార్చడం దొంగకి పెద్ద పని కాదు.

ఫోను ‘టింగ్’మంది. అత్తయ్య కొట్టిన ఆరంకెలు దొంగ పేజీలో పడ్డాయి. అక్కడి నుంచి వాడు వాటిని అసలు పేజీలో కొట్టాడు. అసలు పేజీ తన ప్రశ్న తను వేసుకుంది. నేను పంపిన అంకేనా? అవును. ఈ లావాదేవీకేనా? అవును. టైములోగా వచ్చిందా? వచ్చింది. ముద్ర వేసింది. తర్వాతి మెట్టులో ఖాతాలో డబ్బు ఉంది కాబట్టి 40,000 కోత పడింది.

ఇందులో ఏ యంత్రమూ తప్పు చేయలేదు. ప్రతిదీ తనకిచ్చిన పని సరిగ్గానే చేసింది. 1,299కి, 40,000కి తేడా ఉందని చూడగలిగిన చోటు మొత్తం దారిలో ఒక్కటే ఉంది. అది అత్తయ్య చేతిలోని ఫోను. నేను ఆ మెసేజ్ తెరిచి చదవమన్నాను. ఇలా ఉంది (అంకెలు మార్చాను):

```
482913 is OTP for txn of INR 40000.00
at E-GIFT on card ending 1234.
Do not share with anyone.
```

చాలాసేపు ఫోన్లో మాట లేదు. తర్వాత మెల్లగా అంది. "ఇందులో నలభై వేలని ఉంది కదరా."

"నువ్వు చదవలేదా అత్తయ్యా?"

"అసలు తెరవలేదురా. అంకెలు కీబోర్డు పైన వచ్చేశాయి. నొక్కాను."

మన ఫోన్లు ఇప్పుడు మెసేజ్‌లోంచి ఆరంకెలు ఏరి, కీబోర్డు పైన పెట్టి చేతికందిస్తున్నాయి. సౌకర్యమే. కానీ ఆ సౌకర్యంతో పాటు, మొత్తాన్ని చదివే ఆ ఒక్క క్షణం కూడా పోయింది. పైగా మనకందరూ నేర్పింది ‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు’ అనే. అత్తయ్య ఆ మాట అక్షరాలా పాటించింది. ఎవరికీ చెప్పలేదు, పేజీలో కొట్టింది. దొంగ పేజీలో కొట్టడం కూడా చెప్పడమేనని ఎవరూ చెప్పలేదు.

పేజీ చూసి పోల్చుకోలేమా?

ఇది కొత్త గొడవేం కాదు. తొలి రోజుల్లో ఓటీపీ ఉండేది కాదు. కార్డుకి ఒక శాశ్వత పాస్‌వర్డు పెట్టుకోమనేవారు. దాంతోపాటు ఓ సొంత వాక్యం కూడా రాసుకోమనేవారు. ‘మా ఇంటి ముందు వేపచెట్టు’ అని రాశారనుకోండి, అసలైన బ్యాంకు పేజీ వచ్చిన ప్రతిసారీ ఆ వాక్యం చూపించేది. అది కనిపించకపోతే పాస్‌వర్డు కొట్టకూడదన్నమాట. ఆలోచన బాగానే ఉంది కానీ, ఆ వాక్యం లేదని కొనడం ఆపేసేవాళ్లు ఎంతమంది ఉంటారు?

2010లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ మర్డాక్, రాస్ ఆండర్సన్ ఈ ఏర్పాటు మీద ఘాటైన విమర్శ రాశారు. బ్యాంకు పేజీని కొట్టు పేజీలో ఒక కిటికీలా ఇరికిస్తున్నారు, అప్పుడు దాని చిరునామా కస్టమరుకి కనిపించదు, అది అసలుదో నకిలీదో అతనికెలా తెలుస్తుందన్నది వాళ్ల ప్రశ్నల్లో ఒకటి. పాస్‌వర్డు పోయి ఓటీపీ వచ్చింది గానీ, ఆ ప్రశ్నకి నేటికీ పూర్తి జవాబు లేదు. పేజీ ఇప్పటికీ కిటికీలా రావచ్చు. చిరునామా కనిపించినా, ముందు చెప్పినట్టు అది బ్యాంకు పేరు మీద ఉండకపోవచ్చు. తాళం గుర్తు దొంగ సైటుకి కూడా ఉంటుంది. మీ మాటలు దారిలో ఎవరూ వినడం లేదన్నదే ఆ గుర్తుకి అర్థం. అవతల ఉన్నవాడు మంచివాడని కాదు.

అందుకే పేజీని చూసి నమ్మడం కంటే మెసేజ్‌ని చూసి నమ్మడం మేలు. ఎందుకంటే పేజీ వచ్చేది కొట్టువాడు చూపించిన దారిలో. మెసేజ్ వచ్చేది బ్యాంకు నుంచి వేరే దారిలో. పేజీ మీద 1,299 అని రాయడం దొంగ చేతిలో ఉంది. మెసేజ్‌లో 40,000 అన్నది మార్చడం ఈ తరహా మోసంలో వాడి చేతిలో లేదు.

మెసేజ్‌లో ముందు మొత్తం చూడండి

అంకెల కంటే ముందు మొత్తం చదవండి. మీరు కట్టాలనుకున్నదానికి ఒక్క రూపాయి తేడా ఉన్నా ఆగండి. ‘కొరియర్ చార్జీ ఐదు రూపాయలు కట్టండి’ అనే మోసాల్లో కూడా దొరికిపోయేది ఇక్కడే. తెర మీద ఐదు రూపాయలుంటుంది, మెసేజ్‌లో వేలుంటాయి.

తర్వాత కొట్టు పేరు చూడండి. ఇక్కడ కొంచెం ఓపిక కావాలి. మంచి కొట్లకి కూడా బోర్డు మీద ఒక పేరు, రిజిస్టరైన కంపెనీకి ఇంకో పేరు ఉంటాయి. కొన్నిసార్లు గేట్‌వే పేరు వస్తుంది. కాబట్టి పేరు వేరుగా ఉన్నంత మాత్రాన మోసమని కాదు. కానీ చీర కొంటుంటే వోచర్లో, వ్యాలెట్టో కనిపిస్తే మాత్రం అక్కడితో ఆపేయాలి.

ఆపడమెలా అని కంగారు అక్కర్లేదు. అంకె కొట్టకుండా ఊరుకుంటే చాలు. టైము దాటగానే ఆ లావాదేవీ చచ్చిపోతుంది, డబ్బు కదలదు. కానీ కార్డు వివరాలు అప్పటికే వాడి దగ్గరున్నాయి కాబట్టి ఆ కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి. మీరేమీ కొనకుండానే ఓటీపీ వచ్చినా ఇదే పని. ఎవరో ఎక్కడో మీ కార్డు నంబరు కొట్టారని దానర్థం.

ఈ జాగ్రత్తకీ హద్దుంది. కొట్టువాడు 1,299 అని చెప్పి, సరిగ్గా 1,299కే బిల్లు చేసి, చీర పంపకుండా ఎగ్గొడితే మెసేజ్‌లో తప్పేమీ కనిపించదు. అది వేరే రకం మోసం. సరుకు రాలేదని బ్యాంకులో ఫిర్యాదు చేసి, చార్జ్‌బ్యాక్ అడగాలి.

మెసేజ్ మనకంటే ముందు ఇంకొకరు చదివితే?

పేజీ అడిగేది ‘అంకె తిరిగొచ్చిందా’ అని మాత్రమే అన్నాను కదా. అందుకే దొంగలు మెసేజ్ మీదే కన్నేస్తారు. ‘మీ బండికి చలానా పడింది’ అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తుంది. దాన్ని ఫోన్లో ఎక్కించి, అది అడిగిన ఎసెమ్మెస్ అనుమతి ఇచ్చామంటే మన మెసేజ్‌లు వాడి దగ్గరికీ వెళ్లిపోతాయి. అప్పుడు మనం ఎంత జాగ్రత్తగా చదివినా లాభం లేదు. మన పేరు మీద వేరే సిమ్ తీసేవాళ్లూ ఉన్నారు. ఫోన్లో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి గంటలు గడిచినా రాకపోతే, నెట్‌వర్కు సమస్యేలే అని ఊరుకోకుండా ఇంకో ఫోన్ నుంచి ఆరా తీయాలి.

ఇంకో సందు విదేశీ సైట్లు. మన నిబంధన దేశంలోని చెల్లింపుల కోసం పెట్టింది. బయటి దేశాల సైట్లలో ఓటీపీ అడగకుండానే కార్డు మీద కోత పడిన కేసులు నేనెన్నో చూశాను. దీనికి మందు మన చేతిలోనే ఉంది. 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ వాడకాన్నీ, విదేశీ వాడకాన్నీ మనమే వేసుకుని ఆపుకునేలా బ్యాంకులు స్విచ్చులు ఇవ్వాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లో ఉంటాయి. విదేశీ వాడకం అవసరం లేనివాళ్లు దాన్ని ఆపి ఉంచుకోవచ్చు. ఆన్‌లైన్ పరిమితి 40,000 బదులు 5,000 పెట్టుకుని ఉంటే, అత్తయ్య ఓటీపీ కొట్టినా రెండో మెట్టులో ఆ లావాదేవీ ఆగిపోయేది.

పోయాక ఏమైంది?

అత్తయ్య చేత ముందు బ్యాంకు నంబరుకి ఫోన్ చేయించి కార్డు బ్లాక్ చేయించాను. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది. కోత పడి అప్పటికి గంటంబావు అయింది. నాలుగు వోచర్లలో రెండు అప్పటికే వాడేశారు. మిగతా రెండిటినీ అమ్మిన కంపెనీ ఆపేసింది. కొన్ని వారాల తర్వాత 20,000 వెనక్కి వచ్చాయి.

మిగతా 20,000 కోసం బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాం. 2017 జులై నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల్లో, తప్పు బ్యాంకుదీ కస్టమరుదీ కాకుండా మధ్యలో వేరెక్కడో జరిగి, మూడు పనిదినాల్లో చెబితే కస్టమరుకి నష్టం ఉండదని ఉంది. కానీ కస్టమరు అజాగ్రత్త వల్ల, అంటే రహస్య వివరాలు ఇచ్చేయడం వల్ల పోతే, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టమంతా కస్టమరుదే. బ్యాంకు జవాబు నేను ఊహించినట్టే వచ్చింది. ‘సరైన ఓటీపీతో ధ్రువీకరణ జరిగింది.’

ఆ సీటులో కూర్చుని ఇలాంటి జవాబులు నేనూ రాశాను. రాసినప్పుడు అవి నిజమే అనిపించేవి. ధ్రువీకరణ జరిగిందన్నది నిజమే. కానీ ధ్రువీకరణ జరిగింది ఏమిటి? ఒక అంకె తిరిగొచ్చిందని. అత్తయ్య 40,000 రూపాయల వోచర్లు కొనడానికి ఒప్పుకుందని కాదు. ఆ రెండూ ఒకటేనని పద్ధతి అనుకుంటుంది. తిరిగొచ్చిన అంకెతో ముద్ర పడగానే, ‘నేను కొనలేదు’ అనే ఫిర్యాదుల భారం కొట్టు మీద నుంచి కార్డిచ్చిన బ్యాంకు మీదికి మారుతుంది. బ్యాంకు ఆ ముద్రనే కస్టమరుకి చూపిస్తుంది. చివరికి బరువంతా మెసేజ్ చదవాల్సిన మనిషి మీద పడుతుంది. ఆ మాట ఆవిడకి ముందు ఎవరూ చెప్పరు.

మొన్న దసరాకి తెనాలి వెళ్లాను. అత్తయ్య మనవరాలికి ఆన్‌లైన్‌లో పుస్తకాలు కొంటోంది. ఫోను ‘టింగ్’మంది. కీబోర్డు పైన ఆరంకెలు మెరిశాయి. ఆవిడ వాటి జోలికి పోలేదు. కళ్లజోడు సవరించుకుని, మెసేజ్ తెరిచి, క్లాసులో లెక్క చదివినట్టు పైకి చదివింది.

"ఆరువందల నలభై రూపాయలు. పుస్తకాల కొట్టు పేరు. చివరి నాలుగంకెలు నావే." తలెత్తి నా వైపు చూసింది. "లెక్క సరిపోయిందిరా చిన్నా. ఇప్పుడు కొట్టనా?"

"కొట్టు అత్తయ్యా" అన్నాను.